పి.పి. అనే రెండక్షరాలు

మా ఆఫీసు కింది హోటల్లో ఉప్మాలో ఒకే ఒక్క జీడిపప్పు వేసేవాడు. అసలు వేయకపోతే ఏ గొడవా లేదు. ఒకటి వేసి, రెండోది ఎక్కడో ఉంటుందన్న ఆశ పుట్టించి, ప్లేటు ఖాళీ అయ్యేదాకా వెతికించేవాడు. ఉండబట్టలేక ఒకరోజు ఫిర్యాదు చేశాను. మర్నాటి నుంచి ఆ ఒక్కటీ మానేశాడు. నేను చేసిన ఫిర్యాదులన్నీ ఇంచుమించు ఇదే దారిన నడిచాయి. అందుకే పైవాళ్లకు ఏదైనా చెప్పాలంటే నాకు ముందు నుంచీ కొంచెం జంకు.

తొంభైల మొదట్లో నల్లగొండలో ఒక విత్తనాల కంపెనీ బ్రాంచిలో ఫీల్డు అసిస్టెంటుగా చేరాను. బీఎస్సీ చదివి ఆముదపు గింజలు అమ్ముడేందిరా అన్నాడు మా బాపు. అమ్మడం కాదు, ప్రచారం అని సరిదిద్దాను. ఏడాది పాటు ప్రొబేషను. ఆపైన మేనేజరు గారికి మనసైతే పర్మనెంటు.

కంపెనీ నాకు విజిటింగు కార్డులు అచ్చు వేయిస్తానంది. ఇంటి ఫోను నంబరు అడిగితే పక్కింటి దర్జీ చాచా నంబరు ఇచ్చాను. అది తప్పు కాదు, ఊరంతా చేసే పనే. ఫోను లేనివాళ్లు ఉన్నవాళ్ల నంబరు వేసుకుని, చివర పి.పి. అని రెండక్షరాలు తగిలించేవారు. అంటే ఇది నాది కాదు, పిలిస్తే వస్తాను, అవసరమైతేనే చేయండి అని అర్థం. అంత మర్యాద రెండక్షరాల్లో ఇమిడి ఉండేది. నేను ఆ రెండక్షరాలూ రాయలేదు. మరిచిపోయానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. నిజానికి అవి లేకుండానే కార్డు అందంగా కనిపించింది.

మొదటి కార్డు మేనేజరు గారే తీసుకున్నారు. నంబరు మీద వేలు పెట్టి, ఇంట్ల ఫోనున్నదా, బాగున్నదయ్యా అన్నారు. అప్పటికైనా చెప్పొచ్చు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ సాయంత్రమే ఆయన ఫోన్లు మొదలయ్యాయి. గోదాము తాళం వేసినవా అని ఒకటి. వేశానని చెప్పి వస్తే, సరిగ్గ వేసినవా అని ఇంకొకటి. రేపు ఏ ఊరు పోతున్నవు, డీలరు ఏమన్నడు, ఆ ఫైలు ఏ బీరువాల ఉన్నది. తెల్లారి ఆఫీసులో అడిగితే సరిపోయేవే అన్నీ. ఆయనకు జవాబు అక్కర్లేదని మెల్లగా తెలిసింది. నేను పలకడం కావాలి. ఆదివారం ఒకసారి ఫోను చేసి, ఏం లేదయ్యా, ఉన్నవా లేవా అని చూసిన అన్నారు. ఉన్నానని చెప్పాను. పెట్టేశారు.

మోగినప్పుడల్లా చాచా మిషను తొక్కడం ఆపి, బట్టలు కొలిచే కర్రస్కేలుతో మా ఉమ్మడి గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. నేను పరిగెత్తేవాణ్ని. చాచా ఆ ఫోను కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్నాడు. చాచీ దానికి లేసు అల్లిన ముసుగు కప్పింది. తలుపు దగ్గరి స్టూలు నాకోసమే వేసి ఉంచేవారు. ఒక్క మాట అనేవారు కాదు. అదే కష్టం. ఒకనాడు మాత్రం చాచా, లాల్చీ చేతులు రెండూ ఒకే వైపు కుట్టేసి, దాన్ని నాకు చూపించాడు.

"మీ సారు మాట్లాడుతుంటే కుట్టిన బేటా," అన్నాడు.

ఇంతలో మృగశిర కార్తె వచ్చింది. వాన పడితే రైతు ఆ రోజే గింజ కావాలంటాడు, కనుక ఆఫీసంతా మొయిలు వైపు చూసి బతికే రోజులు. మా ఆవిడ మొదటి కాన్పుకు తిరుమలగిరిలో తల్లిగారింట ఉంది. ఒకరోజు పొద్దున్నే మా బామ్మర్ది ఫోను చేశాడు. నొప్పులు మొదలైతే సూర్యాపేట దవాఖానకు తెచ్చారట. బిడ్డ అడ్డం తిరిగి ఉన్నదంటున్నరు, ఆపరేషన్ జేస్తరో ఏమో సాయంత్రం దాకా చూస్తరట, ఆరు దాటినంక ఎస్టీడీ బూతు నుంచి చేస్త అన్నాడు.

సెలవు అడిగాను. మేనేజరు గారు కిటికీలోంచి మబ్బు చూస్తూ, "పోయి నువ్వు జేస్తవా కాన్పు?" అన్నారు. మర్నాడు పొద్దున లారీ లోడు ఉంది. నా ప్రొబేషను కాగితం ఆయన బల్ల మీద అద్దం కింద నెల రోజులుగా ఉంది. సంతకం పెట్టే జాగా ఖాళీగా, నాకు కనిపించేటట్టుగా.

ఆరింటికల్లా చాచా ఇంట్లోని ఆ స్టూలు మీద కూర్చున్నాను. చాచీ చాయ్ ఇచ్చింది, తాగలేదు. ఆరుంబావుకు మోగింది. ఒక్క ఉదుటున అందుకున్నాను.

"లారీ బస్తాల లాట్ నంబర్లు రాసుకో," అన్నారు మేనేజరు గారు.

రాసుకున్నాను. ఏ లాటు ఏ డీలరుకో చెప్పమన్నారు, చెప్పాను. జర ఆగు, కాయితం దొరుకుతలేదు అని రిసీవరు పక్కన పెట్టి వెళ్లారు. బీరువా తలుపు చప్పుడు వినిపించింది. వాళ్లింట్లో కుక్కరు కూత వినిపించింది. సూర్యాపేటలో మా బామ్మర్ది తిప్పుతున్న నంబరు మాత్రం నాకు వినిపించదు. అతనికి వినిపించేది ఎంగేజీ చప్పుడు. చాచా మిషను ఆపేశాడు. గోడ గడియారం ఆరున్నర దాటింది. మేనేజరు గారు తిరిగొచ్చి, మొదటి నుంచి మళ్లీ చదువు అన్నారు.

"సార్, ఇది నా ఫోను కాదు," అన్నాను.

"ఏంది?"

"పీపీ సార్. పక్కింటోళ్లది. కార్డు మీద నేనే రాయలే. సూర్యాపేట నుంచి ఖబరు రావాలె, లైను మీరు పట్టుకున్నరు. ఇగ మీదట ఆఫీసు అయినంక దీనికి చేయకుండ్రి. పొద్దున పదింటికి ఏదడిగినా చెప్త."

సీజనుల టైమెక్కడిదయ్యా, నీ కాయితం నా దగ్గర్నే ఉన్నదని యాదికున్నదా అన్నారు. ఉన్నది సార్ అని ఫోను పెట్టేశాను. ఆయన కంటే ముందు పెట్టడం అదే మొదటిసారి. రిసీవరు దించిన ఊపుకు చాచీ అల్లిన లేసు ముసుగు నేలమీద పడింది.

వెంటనే మళ్లీ మోగింది. నేను తీయలేకపోయాను. చాచా తీసి, విని, నాకు అందించాడు.

"బావా, అరగంట సంది తిప్పుతున్న, ఎవనితోని ముచ్చట?" అన్నాడు బామ్మర్ది. ఆపరేషను అయిపోయింది. ఆడపిల్ల. ఆపరేషనుకు ముందు సంతకం పెట్టమని డాక్టరమ్మ నాకోసం అడిగిందట. నేను అక్కడ లేకపోతే మా అత్త వేలిముద్ర వేసిందట.

పొద్దున లారీకి లోడు ఎక్కించి, ఆఫీసుకు వెళ్లాను. నన్ను ఉద్యోగంలోంచి పంపించేస్తారనే అనుకున్నాను. మేనేజరు గారు అద్దం కింది కాగితం తీసి సంతకం పెట్టి ఇచ్చారు. కోపం లేదు. నాకు కోపమే నయమనిపించింది, ఎందుకంటే ఆయన రెండో కాగితం కూడా ఇచ్చారు. కంపెనీ పేరు మీద దరఖాస్తు, మా ఇంటి అడ్రసుకు ఫోను. కిరాయి, బిల్లు అన్నీ కంపెనీవే. ఇగ పక్కింటోళ్లకు తిప్పలుండదు, నీ ఇంట్లనే మోగుతది అన్నారు. మూడు రోజులు సెలవు కూడా ఇచ్చారు.

సూర్యాపేట బస్సులో రెండో కాగితాన్ని చాలాసార్లు విప్పి చూసుకున్నాను. మా వీధిలో రెండో ఫోను అవుతుంది. నేను ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టననీ అనుకోలేదు.

దవాఖానలో మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిల్లను చూశాను. ఉద్యోగం పర్మనెంటు అయిందన్నాను. తర్వాత ఫోను సంగతి చెప్పాను. కంపెనీయే పెట్టిస్తుంది, మన ఇంట్లోనే అని, కాగితం మంచం మీద పెట్టాను.

ఆమె కాగితం చూడలేదు. పిల్ల మీది గుడ్డ సర్దింది.

"గా ఫోనొస్తే నేను తిరుమలగిరిలనే ఉంట," అన్నది.