ఇద్దరు సాక్షులు, ఒకటే చేతిరాత

మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పదిహేడేళ్లుగా సైన్సు చెబుతున్నాను. ఏ పిల్లకు ఏముందో చూపుతోనే పట్టేస్తానని నాకు గొప్ప. ఒకసారి ఒక పిల్లవాడు బెంచీల మీద నుంచే కిటికీ దాకా నడుస్తుంటే, పదిహేను రోజులు తిరగకముందే వాళ్ల నాయినను పిలిపించి డాక్టరు దగ్గరికి పంపించాను. ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అని తేలింది. స్టాఫ్ రూములో నెల రోజులు ఆ కథే చెప్పుకున్నాను. అప్పటికే నా కూతురు అదే బడిలో చదువుతోంది. ఆమె సంగతి తెలియడానికి మాత్రం నాకు ఇంకో నాలుగేళ్లు పట్టింది.

ఆరో తరగతిలో ఆమె నేను క్లాసు టీచరుగా ఉన్న సెక్షనుకే వచ్చింది. చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చోబెట్టిందీ నేనే. మా బడిలో ఒక పద్ధతి ఉంది: లొల్లి చేసేవాళ్లు ముందు, సప్పుడు చేయనివాళ్లు వెనక. సప్పుడు చేయనివాళ్లను కాపలా కాయాల్సిన పని లేదు కదా. ఆమె కళ్లు ఇంత పెద్దవి చేసుకుని బోర్డు వైపే చూసేది. ఆ చూపు చూసి ‘నా బిడ్డ ఎంత శ్రద్ధగా వింటుందో’ అని మురిసిపోయేదాన్ని. బోర్డు మీద నేను కిరణజన్య సంయోగక్రియకు ఆకు బొమ్మ గీస్తుంటే, ఆమె ఆ ఆకు మీద ఎవరెవరు కాపురం ఉంటారో ఆలోచిస్తోందని నాకేం తెలుసు.

ఇంట్లో అయితే వేరే లోకం. ‘బొట్టు పెట్టుకో, డబ్బా తీసుకో, బాటిల్ నింపుకో’ అని చెబితే, బొట్టు పెట్టుకుని వచ్చి నిలబడేది. మూడు నెలల్లో నాలుగు జామెట్రీ బాక్సులు పోగొట్టింది. మా అత్తమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు కాల్చింది. మేమంతా దగ్గి దగ్గి బయటికి పరుగెత్తితే, ఆమె మాత్రం పొగలో ఏనుగు కనిపిస్తుందని అక్కడే నిలబడింది.

అర్ధ సంవత్సర పరీక్షల్లో ఆమె మొదటి పేజీ ముత్యాల్లా రాసి, ప్రశ్నపత్రం వెనక్కి తిప్పడం మరిచిపోయింది. ఒక పరీక్షలో కాదు, మూడింటిలో. మా హెడ్‌మాస్టరు సార్ నన్ను పిలిచి మెల్లగా చెప్పారు.

“ఏమనుకోకున్రి మేడం. పిల్లను సి సెక్షన్‌ల వేద్దాం. గక్కడ జర మెల్లగ చెప్తరు.”

సి సెక్షన్ అంటే మా బడిలో ఏమిటో అందరికీ తెలుసు. అక్కడికి వెళ్లిన పిల్లలను ఎవరూ మళ్లీ వెనక్కి తేలేదు. నేను వారం గడువు అడిగి ఇంటికి వచ్చాను. నా కూతురు చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని రెండోది వెతుకుతోంది.

“అమ్మా, నేను మొద్దునా?”

అంత మామూలుగా అడిగింది. మర్నాడే సెలవు పెట్టి ఊళ్లోనే పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను.

మేము వెళ్లీ వెళ్లగానే డాక్టరమ్మ మందు రాయలేదు. ముందు చెవులు, కళ్లు చూపించి రమ్మంది. నిద్ర ఎంత, రక్తం తక్కువ ఉందా, ఇంట్లోనో బడిలోనో భయపడే సంగతి ఏమన్నా ఉందా, అన్నీ అడిగింది. ఇంట్లో ఒక్కోసారి ఒకే దిక్కు కన్నార్పకుండా చూస్తూ ఉండిపోతుందని చెప్పాను.

“గట్ల చూస్తున్నప్పుడు పిలిస్తె పలుకుతదా? భుజం తడితె ఇటు తిరుగుతదా?”

“తిరుగుతది మేడం. తిరిగి, ఏం ఆలోచిస్తున్నదో ఇంత పొడుగు కథ చెప్తది.”

“మంచిది. కొన్ని తీర్ల మూర్ఛల్ల గూడ పిల్లలు గిట్లనే కన్నార్పకుంట ఉంటరు. కాని గప్పుడు తట్టినా తెలివి రాదు. అనుమానమొస్తె దానికి వేరే పరీక్ష ఉంది.”

తర్వాత సైకాలజిస్టు ఆమెతో చదివించి, లెక్కలు చేయించి చూశారు. చదవడంలో, లెక్కల్లో వేరే లోపం లేదు. తెలివికి ఢోకా లేదు. ఒకటో తరగతి నుంచి నోటు పుస్తకాలు, రిపోర్టులు తెమ్మన్నారు. ఈ తీరు పన్నెండేళ్ల లోపే మొదలైందా, ఇంట్లోనే ఉందా బడిలో కూడా ఉందా అనేది తేలాలట. చివరికి రెండు ఫారాలు ఇచ్చారు. ఒకటి తల్లికి, ఒకటి క్లాసు టీచరుకు. చెప్పేటప్పుడు విననట్టు ఉంటుందా, పని మధ్యలో వదిలేస్తుందా, వస్తువులు పోగొడుతుందా... ఒక్కోదానికి ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘చాలా తరచుగా’ దాకా టిక్కు పెట్టాలి.

నేను రెండూ నింపి ఇచ్చాను. డాక్టరమ్మ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇంట్ల అన్నీ ‘చాలా తరచుగా’. బడిల అన్నీ ‘ఎప్పుడూ లేదు’. ఈ టీచరమ్మ పిల్ల దిక్కు ఒక్కసారన్న చూసిందా? జర ఆమెను నా దగ్గరికి పంపున్రి.”

“వచ్చింది మేడం.”

“ఏది?”

“నేనే.”

ఆమె కళ్లద్దాలు తీసి, కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఒకే రోజు, ఒకే పెన్నుతో రాశాను. అబద్ధం ఒక్కటీ రాయలేదు, అదే విచిత్రం. ఇంట్లో పోయిన బాక్సు నేను కొనాలి కాబట్టి కనపడింది. బడిలో నన్ను సతాయించేవాళ్లే నా లెక్కలో ఇబ్బంది ఉన్న పిల్లలు. సప్పుడు చేయనివాళ్ల ఇబ్బంది ఏమిటో నేను ఎన్నడూ అడగలేదు.

“ఆడపిల్లల్ల ధ్యాస లోపం గిట్లనే మన కండ్ల పడకుంట ఎక్కువ తప్పిపోతది,” అంది డాక్టరమ్మ. “ఉరుకరు, కొట్లాడరు. లోపల్నే ఉరుకుతరు. రాత్రి రెండింతలు కూసుని నోట్సు కాపీ చేసి దాస్కుంటరు. మనం మంచిపిల్ల అంటం.”

టీచరు ఫారం కొత్తది ఇంకోటి తీసి, లెక్కల సారుకు ఇవ్వమంది. ఆయనకు నేను ఏమీ నేర్పి పెట్టొద్దని గట్టిగా చెప్పింది. సారు ముందు నవ్వి, “గీ పిల్లకేమైంది టీచరమ్మా, నోట్ల నాలుక లేదు” అన్నాడు. పీరియడులో మాటిమాటికీ ఒక్క చూపు అటు వేయమని మాత్రం అడిగాను. రెండు వారాలు చూసి ఫారం నింపి, మొహం చిన్నబుచ్చుకుని తెచ్చాడు.

“నేను ఏడో లెక్కల ఉన్న. ఆమె మూడో లెక్క కాడ చీమకు మేడ కడుతున్నది. రోజూ గంతే. ఇన్ని దినాలు నేనెట్ల చూడలే?”

అన్నీ కలిపి చూశాక డాక్టరమ్మ తేల్చింది: ధ్యాస లోపమే, కుదురు లేకపోవడం లేని రకం. ముందు బెంచీ, ఒక్కసారికి ఒక్క పని, పేజీ తిప్పమని గుర్తు చేసే మనిషి. ఇవి మొదలుపెట్టి చూసి, అవసరమైతే మందు సంగతి మాట్లాడుకుందామంది. హెడ్‌మాస్టరు సారుకు కాగితం రాసి ఇచ్చింది. సి సెక్షన్ మాట ఆగిపోయింది. నా కూతురితో విడిగా కూర్చుని, “నువ్వు మొద్దువు కాదు బిడ్డా” అని కూడా చెప్పింది.

ఆటోలో ఇంటికి వస్తుంటే ఆమె ఉన్నట్టుండి అడిగింది.

“అమ్మా, నేను గూడ బెంచీలెక్కి ఉరికితె నీకు జల్ది తెలిసేదా?”

అబద్ధమాడటానికి నాకు నోరు రాలేదు.

“తెలిసేది బిడ్డా.”

“అట్లనా? ఐతె రేపటి సంది చూడు.”

మర్నాడు నా పీరియడులో మొదటి బెంచీ నుంచి చెయ్యి లేచింది.

“మేడం, మీరు చెప్పింది మధ్యల తప్పిపోయింది. మళ్ల చెప్పున్రి.”

క్లాసంతా కిసుక్కుమంది. నేను చాక్‌పీసు తీసుకుని మొదటి నుంచి చెప్పాను. చెప్పి, ఇంకెవరికైనా మళ్లీ కావాలా అని అడిగాను. పదిహేడేళ్లలో ఆ ప్రశ్న వేసి, జవాబు కోసం నేను ఆగింది అదే మొదటిసారి. చివరి వరుసల్లోంచి మూడు చేతులు మెల్లగా లేచాయి. మూడూ ఆడపిల్లలవే.