రెండు డిగ్రీల పక్కన

ఇస్నాపూర్ సాయిలు ఇరవై రెండేళ్లు గ్రైండింగ్ మిషన్ మీద పనిచేశాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, పటాన్‌చెరులో ఉపగ్రహ పరికరాలను పరీక్షించే చిన్న కంపెనీలో చేరాడు. చప్పుడును బట్టే మిషన్‌లో తేడా పట్టే అతని చెవికి అక్కడ మంచి పేరుంది.

ఆ మధ్యాహ్నం, ఉపగ్రహానికి నమూనాగా గాలిపొర మీద తేలుతున్న పెట్టెలో, దాని దిశను సరిచేసే చక్రం తిరుగుతోంది. పెట్టె గోడ మీది గుర్తు నుంచి ఎంత పక్కకు తిరిగితే అంత బలంగా చక్రం దాన్ని వెనక్కి తిప్పాలి, ఎంత వేగంగా కదిలితే అంత గట్టిగా నిలవరించాలి. ప్రోగ్రాం అలా రాసింది ఇంజనీరు కృష్ణప్రియ. పెట్టె గుర్తుకు రెండు డిగ్రీల పక్కన కదలకుండా నిలబడింది.

“ఆగింది,” అందామె.

“ఆగలే మేడమ్. ఎవరో నూకుతున్నరు.”

వాళ్లిద్దరు తప్ప గదిలో ఎవరూ లేరు. కానీ చక్రం కూత అంతకంతకూ పెరుగుతోంది. ఏసీ గాలి పెట్టెకు తగులుతోందేమోనని ఆమె ఏసీ ఆపింది. పెట్టె మెల్లగా గుర్తు మీదికి వచ్చింది. కూత పెరగడం ఆగింది కానీ తగ్గలేదు.

“గాలి ఆగిందిగా. ఇంకా తిరుగుతుందేంటి?”

“నూకుడు బందైంది మేడమ్. గిప్పటిదాంక నూకిందంతా దాని కడుపుల్నే ఉన్నది.”

ఆమె చక్రానికి కరెంటు తీసేసింది. కూత సన్నగిల్లుతుంటే, ఎవరూ ముట్టని పెట్టె తిరగడం మొదలుపెట్టింది. గాలి ఎటు నూకిందో అటే. దాని కెమెరా కన్ను గోడను, తలుపును దాటి, సాయిలు ముఖం మీదుగా సాగిపోయింది.

కృష్ణప్రియ ఒక అడుగు వెనక్కి వేసింది. సాయిలు కదల్లేదు.

“బందు వెట్టినంకనే బయటవడ్తది,” అంటూ కుడిచెయ్యి చాపి చూపించాడు. గ్రైండింగ్ మిషన్ వదిలి ఆరేళ్లయినా ఆ వేళ్లు వణుకుతూనే ఉన్నాయి.