సున్నానికి ఎర్రబడని పసుపు

పప్పు గురించి నాకు అన్నీ తెలుసనుకునే వయసులో నా పెళ్లయింది. మా నాయిన బొల్లారంలో ఒక దొర బంగళాలో వంటపని చేసేవాడు. ఆ వంటింటికి వచ్చే కందిపప్పు మిల్లు పప్పు. ఒక్క పొట్టు కనపడకుండా, నూనె రాసినట్టు నున్నగా మెరిసేది. దాన్ని చూసి పెరిగినదాన్ని శామీర్‌పేట దగ్గర మా అత్తవారింటికి వచ్చి, పప్పుకుండలో చెయ్యి పెట్టి చూస్తే ఏముంది? మసక రంగు బద్దలు, అక్కడక్కడ అంటుకున్న పొట్టు, వేళ్లకు సన్నటి పిండి. పాపం, వీళ్లకు మంచి పప్పు దొరకదు కాబోలని జాలిపడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా చర్చి సంఘంలో అత్తమ్మ పప్పుకు పేరుంది. కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయిలో విసిరి, చేటతో పొట్టు చెరిగి తీసేది. ఏటా చర్చిలో కోతల పండుగ భోజనానికి పప్పు మా ఇంటి నుంచే పోవాలి. అది ఎవరూ రాసిపెట్టిన మాట కాదు గాని, అత్తమ్మకు మాత్రం ప్రాణంతో సమానం. నేను కాపురానికి వచ్చిన ఏడు కంది చేను సగం ఎండిపోయింది. దొరికిన కాసిని కందులను బూడిద కలిపి విత్తనానికి కుండలో కట్టిపెట్టారు. పైగా యుద్ధం రోజులు, ఏదీ సులువుగా దొరికేది కాదు. సరిగ్గా పండుగ ముందర అత్తమ్మకు చలిజ్వరం వచ్చింది. గొంగడి కప్పుకొని మూలుగుతూనే నన్ను పిలిచింది.

"మేడ్చల్ అంగడికి బండి పోతాంది. నువ్వు గూడ పో బిడ్డా. పప్పు మంచిగ ఏరి తే. వందమంది తింటరు, పిల్లలు తింటరు."

నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. ఇంటికొచ్చి మూడు నెలలు కాలేదు, పండుగ పప్పు నా చేతికి అప్పజెప్పారు. అంగడిలో రెండు రకాలు కనిపించాయి. ఒకటి ఊరి పప్పు, అచ్చం మా కుండలోని దానిలాగే ఉంది. రెండోది నిగనిగలాడుతూ, చామంతి పువ్వంత పచ్చగా ఉంది. నా చెయ్యి రెండోదాని మీదికే పోయింది.

"పట్నం మిల్లు పప్పు. పసుపు, నూనె బట్టిచ్చిండ్రు, పురుగు దగ్గరికి రాదు," అన్నాడు అమ్మేవాడు.

నేను ఇంకా తెలివి చూపించాను. "పాతదేనా?" అని అడిగాను. బియ్యం పాతవైతే అన్నం పొడిపొడిగా వస్తుందని మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను కదా, పప్పు కూడా అంతేననుకున్నాను. అమ్మేవాడు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "మస్తు పాతది బిడ్డా," అన్నాడు. బహుశా ఆ రోజంతా అతను చెప్పిన నిజం అదొక్కటే.

ఇంటికి వచ్చి మూట విప్పాను. అత్తమ్మ గొంగడిలోంచి చెయ్యి చాచి గుప్పెడు పప్పు తీసుకుంది. మెచ్చుకుంటుందని పక్కనే నిలబడ్డాను. ఆమె దాని మీద నాలుగు చుక్కల గోరువెచ్చటి నీళ్లు పోయించుకొని, రెండు చేతుల మధ్య రుద్దింది. అరచేతులు పచ్చగా అయ్యాయి.

"పసుపు బట్టిచ్చిండ్రట అత్తమ్మా," అన్నాను.

ఆమె దిండు కింద నుంచి ఆకువక్కల సంచి తీసి, సున్నపు డబ్బీ మూత విప్పి, ఇంత సున్నం ఆ పచ్చటి అరచేతికి రాసింది. తర్వాత వంటింట్లోంచి పసుపు తెమ్మంది. దాన్ని తడిపి రెండో అరచేతికి పూసి, దానికీ సున్నం అద్దింది. పసుపు పూసిన చెయ్యి పారాణి పెట్టుకున్నట్టు ఎర్రబడింది. పప్పు రుద్దిన చెయ్యి పచ్చగానే ఉండిపోయింది.

"పసుపైతే సున్నానికి ఎర్రగ గావాలె. గిది పసుపు గాదు బిడ్డా, బట్టలకేసే రంగో ఏందో."

అత్తమ్మ ఒక బద్దను పంటికింద పెట్టి చూసి, ఇంకో గుప్పెడు పొయ్యి మీద ఉడకబెట్టమంది. నీళ్లు క్షణంలో పచ్చబడ్డాయి గాని, ఎంతసేపు మంటపెట్టినా బద్దలు రాళ్లలాగే ఉన్నాయి. చేటలో పోసి చూస్తే పురుగు తొలిచిన బెజ్జాలు కనిపించాయి. నూనె నునుపులో, రంగులో అవి నాకు అంగడిలో కనపడలేదు. అసలు నేను చూస్తే కదా!

"బియ్యం పాతయి మంచిగుంటయి. పప్పు కొత్తది మంచిగుంటది. పాతగైతే ఉడకది," అంది అత్తమ్మ, నేను అడగకుండానే నా తప్పు ఎక్కడుందో కనిపెట్టినట్టు.

నా భర్తకు కోపం వచ్చింది. "ఎల్లుండే పండుగ. సంఘం ముంగట ఏం మొఖం బెట్టుకుంటం?" అని నా మీద లేచాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను. అత్తమ్మ లేచి కూర్చుంది. "నోర్ముయ్. ఆ మూట తీస్కపోయి గుంట దీసి పాతిపెట్టు. పెంట మీద ఎయ్యకు, కోళ్లు తింటయి. వచ్చేటప్పుడు విత్తనాల కుండ దింపు," అంది.

"విత్తనాలా! మిరుగు వానలకు ఏం జల్లుతమే అమ్మా?"

"కీసరల నా తమ్ముడు లేడా? అడుగుత."

ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి ఆమె. నా కోసం చాస్తానంది. తలవంచుకొని నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. మట్టి పట్టించి ఎండబెట్టే వ్యవధి లేదు. బూడిద చెరిగి, కందులను మంగలంలో దోరగా వేయించాను. అవి చల్లారాక ఇసుర్రాయి తిప్పాను. అత్తమ్మ గోడకు ఆనుకొని, జ్వరంతోనే పొట్టు చెరిగింది. చేట నా ముందుకు తోసి, "ఇగ ఏరు," అంది. మట్టిగడ్డలు, రాళ్లు, విరగని కందులు ఒక్కొక్కటీ ఏరాను. మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. నేను జాలిపడిన ఆ మసక రంగు, ఆ పొట్టు, ఆ పిండి నా ఒళ్లోనే ఉన్నాయి. ఇల్లంతా కమ్మటి వాసన.

పండుగ రోజు పప్పు వెన్నలా ఉడికింది. పంక్తిలో సంఘం పెద్దమ్మ ఒకామె వేళ్లు నాకుతూ, "ఈ పప్పెవలు దెచ్చిండ్రు?" అని గట్టిగా అడిగింది. మేడ్చల్‌కు నేనే పోయానని సంఘంలో అందరికీ తెలుసు. అత్తమ్మ ఒక్క మాట చెబితే చాలు, ఆ ఊళ్లో నేను ఇక రంగుపప్పు కోడలినే.

అత్తమ్మ తొణకలేదు.

"మా కోడలు ఏరింది," అంది.

మా ఊళ్లో ఏరుడంటే ఎంచి తెచ్చుకోవడం, రాళ్లు తీయడం కూడా. విన్నవాళ్లకు మొదటిది వినిపించింది. నాకు రెండోది వినిపించింది. చర్చి ముందర కూర్చొని ఆమె అబద్ధమాడలేదు, నన్ను తక్కువ చేయనూ లేదు.

కళ్లలో నీళ్లు తిరిగితే కారం ఎక్కువైందన్నాను. అత్తమ్మ నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది.

ఇప్పుడు ఆమె లేదు. ఆకువక్కలు నాకు అలవాటు లేదు. అయినా ఆ సున్నపు డబ్బీ ఎండిపోకుండా చూసుకుంటాను.