తమ్ముని గొంతున్న డిస్క్

పెళ్లి వీడియో తీసేవాడి గొంతు ఎవరికీ మిగలదు. "జరుగుండ్రి, అక్షింతలు మెల్లగ ఎయ్యుండ్రి" అని పొద్దంతా అరుస్తాడు. తర్వాత ఎడిటింగ్‌లో ఆ చప్పుడంతా తీసేసి సినిమా పాటలు పెడతాడు. పెళ్లివాళ్లకు పాటలున్న వీడియో పోతుంది. వాడి అరుపులు మాత్రం, కెమెరా నుంచి దించిన అసలు వీడియోల్లో, వాడి హార్డ్ డిస్క్‌లో పడి ఉంటాయి.

మా తమ్ముడు కల్హేర్‌లో ఉండి ఆ పనే చేసేవాడు, ఫోటోలూ తీసేవాడు. నాగల్‌గిద్ద దిక్కు ఒక పెళ్లి వీడియో తీసి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. వాడితో పాటు ఫోన్, కెమెరా, ల్యాప్‌టాప్ అన్నీ పోయాయి. హార్డ్ డిస్క్ ఇంట్లో బీరువాలో ఉంది కాబట్టి మిగిలింది. వాడికి ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టే అలవాటే లేదు, ఏదున్నా ఫోన్ చేసి మాట్లాడేవాడు. మాట్లాడిన మాటలు ఎక్కడ నిలుస్తాయి? అందుకే వాడి గొంతు ఈ లోకంలో ఆ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

వాడు పోయినప్పుడు బిడ్డ ఇంకా పాకుతోంది. ఇప్పుడు బడికి పోతోంది. ఒకరోజు తల్లిని అడిగిందట, "నాయిన ఎట్ల మాట్లాడుతుండె?" అని. మా మరదలు నాకు ఫోన్ చేసి అది చెప్పి పెట్టేసింది.

నేను నారాయణఖేడ్‌లో బస్ డిపో దగ్గర జిరాక్స్, ఫోటో ప్రింట్ల దుకాణం నడుపుతాను. మర్నాడే దుకాణం మూసి కల్హేర్ పోయాను. మరదలు తన ఫోన్‌కు డిస్క్ తగిలించింది. వైరు రెండు దిక్కులా సరిపోయింది, డిస్క్ మీద లైటు కూడా వెలిగింది. కానీ లోపల టిక్ టిక్ అని చప్పుడు, కాసేపటికి అదీ ఆగిపోయింది. ఫోన్‌లో ఏమీ కనిపించలేదు.

"ఖరాబైందా వదినె?" అంది. ముఖం తెల్లబోయింది.

"ఖరాబ్ కాలే. లోపల పళ్లెం తిరగాలె, దానికి ఫోన్ కరెంట్ సాల్తలేదు."

ఇప్పటి ఎస్‌ఎస్‌డీ రకం డిస్క్ అయితే లోపల తిరిగేదేమీ ఉండదు, చాలా వరకు ఫోన్ ఇచ్చే కరెంటుతోనే నడుస్తుంది. ఇది పాతకాలపు హార్డ్ డిస్క్. దానికి, ఫోన్‌కూ డిస్క్‌కూ మధ్యలో తగిలించి విడిగా చార్జర్ పెట్టుకునే హబ్ కావాలని చెప్పాను. "ఇదంతా ఎందుకే, నా దుకాణంల కంప్యూటర్ ఉంది, నాకియ్యి" అన్నాను. ఇవ్వలేదు.

"ఇది ఇల్లు దాటితె నాకు నిద్ర పట్టదు వదినె. సోమవారం నేనే పట్టుకొని వస్త."

నాకు కోపం వచ్చింది. నా తమ్ముని డిస్క్ నాకే ఇవ్వదా అని గొణుక్కుంటూ బస్సెక్కాను. మరదలికి వాడిది అంటూ మిగిలింది అదొక్కటే అని దారిలో గుర్తొచ్చి ఊరుకున్నాను.

సోమవారం వచ్చింది. డిస్క్‌ను బిడ్డ స్వెటర్‌లో చుట్టి తెచ్చింది. కంప్యూటర్‌కు తగిలించి తెరిచాను. బిడ్డ ఆడుకునే వీడియోలు, బడిలో డాన్స్ చేసినవి ఉన్నాయి. ఇంకేమీ లేవు. డిస్క్ ఫార్మాట్, అంటే ఫైళ్లు సర్దుకునే పద్ధతి, చూస్తే ఫ్యాట్32 అని ఉంది. మావాడు ఆ ఫార్మాట్ వాడనే వాడడు. అందులో నాలుగు జీబీ దాటిన ఫైలు పట్టదు, పెళ్లి వీడియోలు దాన్ని ఎప్పుడో దాటిపోతాయి. వాడి డిస్క్ విండోస్ కంప్యూటర్లు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిది.

"ఏం జేసినవే దీన్ని?"

"సంతల హబ్ దొరికితె కొన్న. చార్జర్ పెట్టంగనె మంచిగ తిరిగింది వదినె. కాని ఫోన్ చదువుతలేదు. ఫార్మాట్ జెయ్యాలె అని అచ్చింది. చేసిన."

కొన్ని ఫోన్లు ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతాయి. ఆమెది చదవదు. చదవలేనప్పుడు "ఫార్మాట్ చేస్తే వాడుకోవచ్చు" అని అడుగుతుంది. ఉన్నదంతా పోతుందని కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తుంది. మావాడు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలో పెట్టుకుని ఉంటే పెద్ద ఫైళ్లూ పట్టేవి, ఫోనూ చదివేది. వాడికి మాత్రం ఏమెరుక, ఈ డిస్క్‌ను ఎన్నడో తన పెళ్లాం ఫోన్‌కు తగిలిస్తుందని?

"ఫార్మాట్ అంటే ఏందో తెల్వదా నీకు? ఇన్నేండ్లు వానితోని కాపురం జేసినవ్" అని గట్టిగానే అన్నాను. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు తిరిగి చూశారు.

"తెలుసు గదా" అంది మెల్లగా. "పెండ్లికి పోయేటప్పుడల్లా కెమెరాల కార్డుకు ఫార్మాట్ కొడుతుండె. ఇగ సాఫైంది, మంచిగ పనిజేస్తది అంటుండె. ఆయన అన్నదే చేసిన."

వాడు కార్డులో ఉన్నది ముందే డిస్క్‌లోకి దించుకుని ఆ తర్వాతే ఫార్మాట్ కొట్టేవాడు. ఆ దించుకోవడం ల్యాప్‌టాప్ ముందు జరిగే పని. ఇంట్లో అన్నం కట్టిచ్చే మనిషికి కనిపించేది చివరి బటన్ ఒక్కటే.

"మరి బిడ్డ వీడియోలు ఎందుకు పెట్టినవ్?"

"నాయినవి, బిడ్డవి ఒక్కకాడ ఉంటయని."

ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. జిరాక్స్ మిషన్ దిక్కు తిరిగి ఏడ్చాను.

ఉత్త ఫార్మాట్ అయితే అంత భయం లేదు. ఫైళ్లు డిస్క్ మీదే ఉంటాయి, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టీ కూడా చాలాసార్లు దొరుకుతుంది. కానీ బిడ్డ వీడియోలు సరిగ్గా ఆ పట్టీ ఉన్న చోటనే వచ్చి కూర్చున్నాయి. డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా, బిడ్డ వీడియోలు వేరేచోట దాచి, పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టాను. దొరికినవన్నీ నా కంప్యూటర్‌లోకి దించాను. మరదలు స్టూలు మీద నుంచి లేవలేదు. చాయ్ తెప్పిస్తే చల్లారిపోయింది.

ఫోటోలు వచ్చాయి, వేలకు వేలు, పేర్లు లేకుండా. చిన్న ఫైళ్లు కాబట్టి ఒక్కచోటే ఉండి దొరికాయి. వీడియోలు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. ఎన్నో ఏళ్లుగా చెరిపి, నింపి, చెరిపి, నింపి వాడిన డిస్క్ అది. పెద్ద వీడియో తునకలు తునకలుగా దూరదూరంగా పడి ఉంది, కలిపే పట్టీ లేదు. తర్వాత సంగారెడ్డిలో ఈ పని తెలిసినాయనకు కూడా చూపించాను. ఆయనా అదే చెప్పాడు.

మరదలు ఆ సోమవారమే నా దుకాణంలో కూర్చుని ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా జరుపుతూ చూసింది. ఎవరెవరి పెళ్లిళ్లో. పెళ్లికూతుళ్లు, ముసలమ్మలు, భోజనాల బంతి దగ్గర పిల్లలు. వాడు ఒక్కదాంట్లో కూడా లేడు. తీసినవాడు ఎట్లా ఉంటాడు?

"అందరు గాయన్నే జూస్తుండ్రు వదినె" అంది.

తర్వాత నా ఫోటో వచ్చింది, మా ఆడపడుచు పెళ్లిలోది. పగలబడి నవ్వుతున్నాను.

"గింత నవ్వుతున్నవ్, ఏమన్నడు?"

నాకు గుర్తుంది. ఎప్పుడూ అదే మాట. వాడు అన్నట్టే, చివర కొంచెం సాగదీసి అన్నాను: "నా దిక్కు జూడుండ్రి. నన్ను జూస్తె నవ్వొస్తలేదా?"

మరదలు కళ్లు మూసుకుని విన్నది. తర్వాత ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కి నా ముందు పెట్టింది.

"మళ్లొకసారి అను వదినె. బిడ్డకు వినిపిస్త."

ఎన్నిసార్లో అన్నాను. ఒక్కసారి కూడా వాడి గొంతు రాలేదు.