తూర్పుకు తిరిగిన టేబుల్

ప్రొద్దుటూరులో ఒక నగల అంగడికి కంప్యూటర్లు చూసేవాణ్ణి. అక్కడి నగల డిజైనర్ ల్యాప్‌టాప్‌ను మానిటర్లకు కలిపే డాక్ పెట్టెకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసొచ్చిన మరునాడే, ఆయన మానిటర్లు రెండూ నల్లబడ్డాయి.

"నువ్వేందో ఎక్కిచ్చినావు, అది సచ్చిపాయ. ఇంగ రావద్దప్పా," అన్నాడు యజమాని.

అయినా ఒకసారి చూసిపోతానని టేబుల్ దగ్గరికి వెళ్లాను. ల్యాప్‌టాప్ చార్జవుతోంది, కీబోర్డూ పలుకుతోంది. అంటే పవరుకు లోటు లేదు. డాక్ నుంచి ల్యాప్‌టాప్‌కు వచ్చే కేబుల్ చూస్తే కొత్తది, పొడుగైనది. వాస్తు కోసం టేబుల్ తూర్పుకు తిప్పారట, పాత కేబుల్ అందక చార్జింగ్ కేబుల్ తగిలించారట. దానికి వంద వాట్లు మోసే సత్తా ఉంది గానీ, లోపల మానిటర్లకు బొమ్మ మోసే తీగలే లేవు.

డాక్‌ను చేత్తో దగ్గరికి ఎత్తిపట్టి పాతది పెట్టగానే మానిటర్లు రెండూ వెలిగాయి.

"టేబుల్ కదిపితే ఒప్పుకోను. వీడియో మోసే పొడుగు కేబుల్ నీ బదులొచ్చే కొత్తోడు తెస్తాడులే," అన్నాడాయన.

వాస్తును అప్‌డేట్ చేసేవాళ్లు లేరు కాబట్టి, పనిలోంచి తీసేయడానికి నేనే దొరికాను.