నాలుగు చింతగింజలు, నలభై ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే పెద్దారవీడు దాటి రోడ్డు మీద నిలబడితే, ఏదో ఒక ఆటో దొరికి మార్కాపురం చేరేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. వారమంతా అంగన్‌వాడీలో పిల్లలకు వండిపెట్టి, గిన్నెలు తోమి, చీమిడి ముక్కులు తుడిచేదాన్ని. ఆదివారమన్నా నడుం వాలుద్దామంటే ఆ రోజే ఓపెన్ పదో తరగతి క్లాసులు. ఆటో అంచున కూర్చుని కునుకు తీస్తుంటే పక్కన కూర్చున్న ఆమె నా కొంగు పట్టుకునేది, పడిపోతానేమోనని.

నేను అంగన్‌వాడీ సెంటర్లో ఆయాను. ముప్పై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. గోడకు వేలాడే బొమ్మల చార్టు చూసి పిల్లలు అ అంటే అమ్మ అని అరుస్తుంటే, గరిటె చేత్తో పట్టుకుని నేనూ వాళ్ళతో పాటు అనుకునేదాన్ని. ఏడేళ్ళు పట్టింది పదో తరగతి దాకా రావడానికి. తెలుగు, సోషల్, అన్నీ గట్టెక్కాయి. లెక్కలు ఒక్కటి మిగిలింది, ఒకసారి తప్పాను కూడా. ఎండాకాలం వెళ్ళేలోపు మా టీచరమ్మ రిటైర్ అవుతుంది. పది పాసైన ఆయా ఉంటే ఆ పోస్టుకు ఆమెను చూస్తారని సూపర్‌వైజరమ్మ చెప్పింది. ఈసారి లెక్కలు పోతే ఆ కుర్చీలోకి ఇంకెవరో వస్తారు. నేను మళ్ళీ గిన్నెల దగ్గరే.

లెక్కలు చెప్పే సారు రిటైరైన పంతులు. మా పదహారు మంది ఆడవాళ్ళకు ముందే చెప్పాడు: "నలభై ప్రశ్నల పరీక్ష పెడతా. ఒక్కోదానికి నాలుగు జవాబులు, ఒకటే రైటు. పద్నాలుగు వచ్చినోళ్ళ పేర్లే ఈసారి లెక్కల పరీక్షకు పంపిస్తా. రానోళ్ళు ఆరునెల్లు ఆగాల్సిందే."

ఆ వారం సెంటర్లో ఇద్దరు పిల్లలకు జ్వరాలు, టీచరమ్మ మీటింగుకు పోయింది, అంతా నా మీదే పడింది. పుస్తకం తెరవలేదు. ఆదివారం ప్రశ్నల కాగితం చేతికి వచ్చాక చూస్తే శాతాలు, త్రిభుజాలు, చక్రవడ్డీ. అక్షరాలు చదవగలను గానీ అవి ఏమడుగుతున్నాయో తెలియలేదు. కళ్ళు మండుతున్నాయి. ఊరికే తిరిగి పోవడానికి ఇంత దూరం వచ్చానా అనిపించింది.

అప్పుడు మా మామ గుర్తొచ్చాడు. మాది గొర్రెలు మేపే ఇల్లు. మేత అయిపోయి మంద ఎటు తోలాలో తెలియనప్పుడు, మామ అమ్మవారి ముందు నాలుగు చింతగింజలు పెట్టేవాడు. ఒకటో గింజకు ఒక గీత, రెండోదానికి రెండు, అట్ల నాలుగు దిక్కులకు నాలుగు. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే, ఆ దిక్కుకే మంద. అమ్మ చూపించిన దారని అందరూ నమ్మేవాళ్ళం. నేనూ నమ్మాను.

ఆ పొద్దున చింతపండు నానేసి వచ్చాను, కొంగు ముడిలో గింజలున్నాయి. పిన్నీసుతో గీతలు గీశాను. ఎ, బి, సి, డి. బెంచీ కింద ఒడిలో కలిపి, అమ్మను తలుచుకుని ఒకటి తీయడం, ఆ అక్షరం గుండ్రం నింపడం, గింజను మళ్ళీ కలపడం. నలభై సార్లు. ప్రశ్న ఒక్కటీ చదవలేదు.

తర్వాతి ఆదివారం సారు మార్కులు చదివాడు. నాకు పదిహేను.

పలకల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలు బిగించే ఆమె నా పక్కనే కూర్చునేది. ఆమెకు పన్నెండు. "ఏంది వదినా, పప్పు కలుపుతా కలుపుతానే చక్రవడ్డీ కూడా కలిపేసినావా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనసులో మాత్రం, అమ్మ చూసింది, ఇక భయం లేదు, అసలు పరీక్షలో కూడా ఇట్లే తీస్తా అనుకున్నాను.

సారు సుద్దముక్క నా ముందుకు పట్టాడు. "రా అక్కా, ఏడో లెక్క రైటు పెట్టినావు. ఇంకెవరికీ రాలేదు అది. బోర్డు మీద చేసి చూపించు."

బోర్డు ముందు నిలబడ్డాను. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, మర్చిపోయానని అనొచ్చు. అంత ఓపిక కూడా లేకపోయింది. కొంగు ముడి విప్పి నాలుగు గింజలు బల్ల మీద పెట్టాను.

"ఇవి చేసినాయి సార్."

క్లాసంతా గొల్లున నవ్వింది. "అమ్మవారికి లెక్కలు ఎవరు చెప్పినారు వదినా, మన సారేనా?" అని చట్రాల ఆమె. సారు నవ్వలేదు, తిట్టలేదు కూడా. గింజలు అరచేతిలో వేసుకుని గీతలు చూశాడు.

"అమ్మను నేనేమీ అనను. కానీ ఒకసారి అందరం చేసి చూద్దాం. ఎవరూ ప్రశ్నలు చదవొద్దు. అసలు కాగితమే ఇయ్యను."

నాలుగేసి కాగితం ముక్కలు చింపి, ఎ, బి, సి, డి రాసి అందరికీ ఇచ్చాడు. నాకు నా గింజలే. పదహారు మందిమీ నలభై సార్లు తీసి రాసుకున్నాం. ఎండ కిటికీ దాకా వచ్చింది, కొందరు కూర్చునే నిద్రపోతూ తీశారు. సారు ఇంకో పేపరు జవాబులు చదువుతుంటే టిక్కులు పెట్టుకున్నాం. ఎవరికెన్ని వచ్చాయో బోర్డు మీద రాశాడు. ఒకామెకు ఆరు, ఒకామెకు ఏడు, కొందరికి తొమ్మిది, ఎక్కువమందికి పదీ పదకొండూ, ఒకరికి పదమూడు. చట్రాల ఆమెకు పద్నాలుగు. అమ్మవారిని తలుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని తీసిన నాకు ఎనిమిది.

"కూడండి" అన్నాడు. నూట అరవై ఒకటి. పదహారు మందికి పంచితే తలా పది, ఒకటి మిగిలింది.

"నాలుగు గింజల్లో ఒకటే రైటు. నాలుగుసార్లు తీస్తే సుమారు ఒకటి తగులుతాది. నలభై సార్లకు పది. ఖచ్చితంగా పదే రావాలని కాదు. పది చుట్టూ తిరుగుతాది. ఏడు రావొచ్చు, పదమూడు రావొచ్చు. పద్నాలుగు, ఆపైన పదిమందిలో ఒకరికి వస్తాది. ఇరవై ఐదు మాత్రం రాదు, నువ్వు జీవితాంతం కూర్చుని తీసినా."

నాకు అర్థమైంది. ఎట్లంటే, మా మందలో నలభై గొర్రెలు ఈనితే సగం ఆడవి, సగం పోతులు. ప్రతిసారీ సరిగ్గా ఇరవై పడవు. ఒక ఏడాది ఇరవై మూడు, ఒక ఏడాది పదిహేడు. ముప్పై ఐదు ఆడవి పడిన ఏడాది మాత్రం నేను చూడలేదు. మామ గింజ తీసిన దిక్కున మేత దొరికిన రోజులే మేం చెప్పుకునేవాళ్ళం. దొరకని రోజులు ఎవరం చెప్పుకోలేదు. ఆ రోజులూ ఉన్నాయి. ఆ ఎండలో ఖాళీ కడుపుతో మందను వెనక్కి తోలింది నేనే.

సారు నా పేరు పక్కన పదిహేను కొట్టేశాడు. "ఇవి నీ మార్కులు కావక్కా. పేర్లు పంపడానికి మూడు వారాలుంది. అప్పుడు పద్నాలుగు రానోళ్ళందరికీ ఇంకో పేపరిస్తా."

నాకు ఏడుపు కాదు, నిద్రొచ్చింది. బెంచీ మీద తల పెట్టుకుని, "మూడు వారాల్లో నలభై లెక్కలు నాకెట్ల వస్తాయి సార్? ఆ పోస్టు పోయినట్టే" అన్నాను.

"నలభై ఎవరడిగినారు?" అన్నాడు. బోర్డు మీద పన్నెండు అని రాశాడు. "పన్నెండు నిజంగా నేర్చుకో. మిగతావి ఇరవై ఎనిమిది. తెలియకపోతే ఏదో ఒకటి పెట్టు, తప్పుకు మార్కు తీసేయరు. నాలుగింట ఒకటంటే ఏడు. పన్నెండూ ఏడూ?"

"పంతొమ్మిది."

"రోజు బాగాలేక ఏడుకు నాలుగే తగిలినా పదహారు. పద్నాలుగు దాటుతావు. గింజల మీదే కూర్చుంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు పోతావు. అసలు పరీక్షలో రాసి చూపించే లెక్కలు కూడా ఉంటాయి, వాటికి గింజలు ఎట్లాగూ పనికిరావు."

ఆ మూడు వారాలు ఎట్ల గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉప్మా రవ్వ వేయిస్తూ శాతాలు. పిల్లలు పడుకున్న గంటలో భిన్నాలు. ఇంట్లో ఆయన, "గొర్రె నెమరేసినట్టు ఏంది ఆ గొణుగుడు?" అనేవాడు. చక్రవడ్డీ నాకు రాలేదు, వదిలేశాను. త్రిభుజాల్లో రెండు రకాలే పట్టుకున్నాను. కొన్ని పూటలు పుస్తకం మీదే నిద్రపోయేదాన్ని, లేచేసరికి చెంప మీద అచ్చు పడి ఉండేది.

మూడో ఆదివారం పేపరిచ్చినప్పుడు ఒక పని చేశాను. తెలిసి చేసిన ప్రశ్న పక్కన గీత పెట్టుకున్నాను, తెలియక పెట్టినదాని పక్కన చుక్క. గింజలు తీసుకుపోలేదు, చేతికి వచ్చింది నింపాను. దేంతో తీసినా నాలుగింట ఒకటే కదా.

సారు దిద్దకముందే అడిగాడు. "ఎన్ని వస్తాయక్కా?"

గీతలు లెక్కపెట్టాను. "పన్నెండు నావి. ఇరవై ఎనిమిది చుక్కలు. పంతొమ్మిది అటూ ఇటూ."

దిద్దితే పదహారు. నావి పన్నెండులో ఒకటి తప్పు చేశాను, కూడికలో. చుక్కల్లో ఐదే తగిలాయి. సారు కాగితం మీద నా పేరు రాసుకున్నాడు. చట్రాల ఆమె పేరూ రాశాడు, ఆమెకు ఇరవై రెండు. "ఏం వదినా, అమ్మ ఏడులో రెండు మిగుల్చుకుందా?" అంది. నవ్వడానికి కూడా ఒళ్ళు సహకరించలేదు.

అసలు పరీక్ష రాశాను. లెక్కల్లో గట్టెక్కాను, పెద్ద మార్కులేమీ కావు. టీచరమ్మ రిటైరైంది, దండలేసి పంపించాం. నా మార్కుల కాగితం, అర్జీ మార్కాపురంలో ఆఫీసుకు ఇచ్చి వచ్చాను. నాతో పాటు ఇంకా ముగ్గురు ఇచ్చారని అక్కడి గుమాస్తా చెప్పాడు. నలుగురిలో ఒకరు. బయటికొచ్చి ఆటో ఎక్కాక ఆ లెక్క తలలో తిరిగింది, నాలుగింట ఒకటి అని. ఇది గింజల లెక్క కాదు, ఎవరి పని ఎంత, ఎవరి చదువు ఎంత అని చూస్తారు అనుకున్నాను. చూస్తారో లేదో.

ఇంకా ఏ కబురూ రాలేదు. టీచరమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. పిల్లల హాజరు నేనే వేస్తున్నాను, వంటా నేనే చేస్తున్నాను. ఈ రోజు ఇరవై ముగ్గురు వచ్చారు. రవ్వ కొలిచి పెట్టాను, పొయ్యి వెలిగించాలి.