నంబరు లేని గోలి

మా వదినకూ నాకూ నెలనెలా పరీక్ష ఉండేది. ఇద్దరమూ వార్ఫరిన్ మింగేవాళ్లం. రక్తం లోపల గడ్డకట్టకుండా ఆపే మాత్ర అది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం నా గుండె కవాటాన్ని పాడుచేస్తే, హైదరాబాదులో దాన్ని తీసేసి లోహపు కవాటం పెట్టారు. గది నిశ్శబ్దంగా ఉంటే నా ఛాతీలో టిక్కుటిక్కుమనే చప్పుడు పక్కవాళ్లకు కూడా వినిపిస్తుంది. మా అన్న భార్య అయిన వదినకు కవాటాలన్నీ బాగానే ఉన్నాయి, గుండె కొట్టుకునే తీరే గాడి తప్పింది. ఎవరి జబ్బు ఎలా ఉన్నా భయం మాత్రం ఒక్కటే. గడ్డ కట్టి అది మెదడుకు చేరిందంటే కాలూ చెయ్యీ పడిపోతాయి.

మేముండేది కోరుట్లలో, రెండు గల్లీల తేడాతో. నేను జాకెట్లు కుడతాను. వదిన బీడీలు చుట్టి చుట్టి ఇప్పుడు మానేసింది. పరీక్ష రోజున పొద్దున్నే జగిత్యాల బస్సెక్కేవాళ్లం. కోరుట్లలో ల్యాబులు లేక కాదు. డాక్టరు జగిత్యాలలో ఉంటాడు, రిపోర్టు చేతికి రాగానే చూపించుకుని మాత్ర ఎంతో అడిగి రావచ్చు. ఇదంతా ఇంట్లో వాళ్లకు చెప్పే కారణం. అసలు కారణం ఆ పూట మాకు పొయ్యి లేదు, మిషను లేదు, మగవాళ్ల కేకలు లేవు. సూది పొడిపించుకోవడానికి అంత సంబరంగా తయారయ్యే ఆడవాళ్లను మా బస్సు కండక్టరు ఇంకెక్కడా చూసి ఉండడు.

ఆ పరీక్ష పేరు ఐఎన్ఆర్. ఏ మందూ వాడని మనిషికి ఒకటి దగ్గర వస్తుంది. వదినకు రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. లోహపు కవాటం కాబట్టి నాకు రెండున్నర నుంచి మూడున్నర. తగ్గితే గడ్డ కడుతుందని భయం, పెరిగితే నెత్తురు ఆగదని భయం. మేం మాత్రం బడిపిల్లల్లా మార్కులు చెప్పుకునేవాళ్లం. చాలా నెలలు నాకు వదిన కంటే ఎక్కువే వచ్చేవి.

"నీ పరీక్షకు పాసు మార్కులే ఎక్కువ పెట్టిండ్రు, గందులకే నీకు ఎక్కువొస్తయ్. గదేం గొప్ప కాదు పిల్లా" అనేది వదిన.

మార్కుల సంగతి ఎలా ఉన్నా నేను తప్పేదాన్ని కాదు, ఆమె పాసయ్యేది కాదు. ఒక నెల ఒకటీ ఆరు, అంటే ఒకటి పాయింటు ఆరు వచ్చేది, ఇంకో నెల నాలుగు దాటేది. వానలు పడి పెరట్లో తోటకూర లేస్తే మూడు పూటలా అదే, ఎండలు ముదిరాక ఆకుకూర ముఖమే చూడదు. కూర తినొద్దని డాక్టరు ఎన్నడూ అనలేదు. "ఎప్పుడూ ఒక్క తీరుగ తినుండ్రి" అన్నాడంతే. ఆకుకూరలు పెరిగితే వార్ఫరిన్ పని తగ్గుతుంది, తగ్గితే మాత్ర బలం పెరుగుతుంది. ఒక్క తీరుగా ఉండడం మా వదిన జాతకంలోనే లేదు. దగ్గు వచ్చినా జ్వరం వచ్చినా ఎవరో ఇచ్చిన మందు మింగేసేది, ఆ నెల నంబరు మళ్లీ ఎగిరేది.

చివరికి డాక్టరే విసిగిపోయాడు. గుండె స్కానింగు మళ్లీ తీయించి, కిడ్నీల పరీక్ష చేయించి, "అమ్మా, నీకు కొత్త మందుకు మారుస్త" అన్నాడు. అపిక్సబాన్ అని రాశాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నెలనెలా ఐఎన్ఆర్ అక్కర్లేదు. కూరల లెక్క అక్కర్లేదు. కిడ్నీలు ఎలా ఉన్నాయో, ఒంట్లో రక్తం తగ్గిందేమో ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలు.

నాకు కడుపు మండింది. దాచుకోవడం ఎందుకు, కళ్లు కుట్టాయి.

"మరి నాకు గా మందు ఎందుకియ్యరు సార్?" అని అడిగాను.

"లోహపు కవాటం ఉన్నోళ్లకు గీ కొత్త మందులు పనికిరావమ్మా. కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంటది. నీకు పాతదే మంచిది" అన్నాడు. మంచిదే. కానీ ఆ మంచితనం వెంట నెలనెలా సూది కూడా ఉంది.

మారేది కూడా ఒక్కసారిగా కాదు. ముందు పాత మాత్ర ఆపాలి, నంబరు రెండు కంటే కిందికి దిగాకే కొత్తది మొదలుపెట్టాలి. పాతది ఆపాక ఇద్దరం మళ్లీ వెళ్లాం. వదినకు ఒకటీ ఎనిమిది వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తక్కువ మార్కులతో పాసయ్యానని ల్యాబులో ఉన్న వాళ్లందరికీ చెప్పుకుంది. ఆ రోజు మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆమె తిన్న తిండి చూసి బజ్జీలు వేసేవాడే నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, తిరుగు ప్రయాణంలో కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాను. ఇక ఈ బస్సు నేనొక్కదాన్నే ఎక్కాలి.

ఆ తర్వాత వదిన సిరిసిల్లకు పోయింది. అక్కడ ఆమె బిడ్డ లంగాలు కుట్టే షెడ్డు పెట్టుకుంది, చంటిపిల్లను చూసుకోవడానికి మనిషి కావాలి. ఇదివరకైతే పరీక్ష ఉందని నాలుగు రోజులు ఉండి తిరిగొచ్చేది. ఇప్పుడు ఆమెను పట్టి లాగే తాడు లేదు. ఆ నెల జగిత్యాలకు ఒంటరిగా పోయి వచ్చాను. నాకు మూడు వచ్చింది. ఆ మూడును ఎవరికి చెప్పుకోవాలో తెలియక రిపోర్టు మడిచి సంచీలో పడేశాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, నేను జాకెట్టుకు చేతులు అతుకుతుంటే వదిన ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"పిల్లా, నేను ఫెయిలైన. మొత్తానికే ఫెయిలైన."

"ఏమైంది వదినా?"

"ఒకటీ ఒకటి వచ్చిందే. గీడ ల్యాబుకు పోయి ఐఎన్ఆర్ చేయించుకున్న."

"నీకు గా పరీక్ష ఎవరు రాసిండ్రు?"

"ఎవరు రాయలే. నేనే పోయి అడిగిన. ఇన్నేండ్ల నుంచి నెలనెల నంబరు చూసుకున్న పానం, ఎట్ల ఊకుంటది? గీ కొత్త గోలి ఉత్తదే పిల్లా. మందు ఏసుకోని మనిషికెంత ఉంటదో నాకు గంతే ఉన్నది. గడ్డ కడ్తె ఎట్ల? పాత గోలీలు పాందాన్ డబ్బల దాచుకున్న. ఒకటి మింగుతున్న, నీకు చెప్పి మింగుదామని చేసిన."

నేను మిషను ఆపేశాను. ఒకటీ ఒకటి అంటే మా లెక్కలో నిజంగా ఫెయిలే. నాకు అలా వస్తే నేనూ వణికిపోతాను. అంతకంటే చెడ్డ ఆలోచన ఒకటి వచ్చింది, చెబుతాను. వదిన పాత మాత్రకు తిరిగొస్తే నాకు మళ్లీ బస్సులో తోడు దొరుకుతుంది. 'అవును వదినా, పాతదే మేలు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒకదాని మీద ఇంకోటి మింగితే ఏమవుతుందోనన్న భయం దాని కంటే పెద్దది.

"వదినా, చేతుల నీళ్లున్నయా?"

"ఉన్నయ్."

"కింద పెట్టు. గోలి గూడ కింద పెట్టు. డాక్టరును అడిగేదాక ముట్టినవంటే నా మీద ఒట్టు."

ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎత్తిన నర్సమ్మకు విషయం చెప్పాను. కాసేపటికి డాక్టరే చేశాడు. ఆలోపు వదిన మింగేసిందేమోనని నా గుండె కొట్టుకున్న చప్పుడుకు మా ఆయన వచ్చి, "మిషన్ ఏమన్న చెడిందా?" అని అడిగాడు. డాక్టరును ఉండమని చెప్పి వదినను కూడా లైనులో కలిపాను.

"అమ్మా, పాతది మింగినవా?" ముందు అదే అడిగాడు.

"లేద్సారు. గీ పిల్ల ఒట్టు పెట్టింది."

"బతికించింది. రెండు కలిస్తే నెత్తురు కారుడు ఆగకపోవచ్చు. ఇగ నంబరు సంగతి ఇను. ఐఎన్ఆర్ పాత మందును కొలిచే పరీక్ష. కొత్తది రక్తంల ఇంకో తావున పనిచేస్తది, దాని పని గీ నంబరుల సక్కగ కనబడది. ఒకటీ ఒకటి వచ్చినంత మాత్రాన గోలి పనిచేస్తలేదని కాదు."

"మరి పనిచేస్తున్నట్టు నాకెట్ల ఎరుకైతది సార్?" వదిన గొంతులో ఏడుపు ఇంకా పోలేదు.

"వేళకు ఏసుకుంటున్నవా? ఏ పూటన్న తప్పినవా?"

"ఒక్క పూట గూడ తప్పలే."

"గదే నీ పరీక్ష. పాతది ఒంట్ల నుంచి మెల్లగ పోతది. కొత్తది తొందరగ దిగిపోతది, పూటలు తప్పితే గడ్డ కట్టకుండ కాపు ఉండది. గడియారం చూసుకో, నంబరు చూడకు. కిడ్నీల పరీక్ష నేను చెప్పినప్పుడు చేయించుకో. చిగుళ్లకెల్లి నెత్తురు కారినా, దొడ్డికి నల్లగ పోయినా ఎంటనే రా. గా పాత గోలీలు మాత్రం ఇంట్ల ఉంచకు."

డాక్టరు ఫోన్ పెట్టేశాడు. తర్వాత వదిన ముక్కు చీది, "అయితే నేను ఫెయిల్ కాలేదా?" అంది. నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చేశాను, ఎందుకంటే ఆ మాత్ర ఆమె గొంతు దిగి ఉంటే ఏమయ్యేదో నా ఒంటికి అప్పుడు తెలిసొచ్చింది. వదిన బిడ్డ ఆ సాయంత్రమే పాత మాత్రలన్నీ తీసుకెళ్లి మందుల షాపులో ఇచ్చేసింది.

మరునాటి నుంచి పొద్దునా సాయంత్రం నేనే ఫోన్ చేసేదాన్ని. "ఏసుకున్నవా?" "ఏసుకున్న." "అబద్ధం." "నీ అన్న మీద ఒట్టు." అన్న మీద ఒట్టేసి ఆమె ఎంత అబద్ధానికైనా తెగిస్తుందని నాకు తెలుసు, అందుకే మింగుతున్న చప్పుడు వినిపించమనేదాన్ని. రక్తపరీక్ష వదిలింది గానీ ఆడబిడ్డ తగులుకుందని సిరిసిల్లలో అందరికీ చెప్పుకుందట.

మళ్లీ నెల తిరిగింది. జగిత్యాల ల్యాబులో చెయ్యి చాచి కూర్చున్నాను. సూది గుచ్చేటప్పుడు చూడలేక తల పక్కకు తిప్పుకుంటే, గుమ్మంలో చెప్పులు విడుస్తూ వదిన కనిపించింది. సిరిసిల్ల నుంచి బస్సులు మారి వచ్చిన మనిషి, కొంగుతో చెమట తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది.

"నీకు పరీక్ష లేదు గదా. గింత దూరం ఎందుకొచ్చినవ్?" అన్నాను. 

"నాకు నంబరు లేకపాయె. ఇగ ఇద్దరికి నీదే నంబరు. అది నా చెవిన పడకుంటే నాకు గోలి దిగుతలేదు" అంది.

రిపోర్టు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. రెండూ తొమ్మిది అని చదవగానే, ల్యాబంతా తిరిగి చూసేలా, "పాసైనం!" అని అరిచింది.